ప్రతిఫలం లేని బాణం

పాఠం కంఠతా వచ్చినా చేతిలో కాగితం లేకుండా నేను క్లాసుకి వెళ్ళను. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదే నాకొక సంగతి తెలిసింది. నాకు కోపం ముందు వస్తుంది, మాట తర్వాత వస్తుంది. ఎవరైనా తప్పు జవాబు చెబితే చాలు, అసలు చెప్పాల్సింది మర్చిపోయి వాడి మీద పడతాను. అందుకని ప్రతి పాఠాన్నీ నాటకంలా రాసుకోవడం మొదలుపెట్టాను. ఎడమ పక్క ‘నేను’ అని నా మాటలు, కింద ‘పిల్లలు’ అని వాళ్ళు చెప్పబోయే జవాబులు. క్లాసులో ఎవరైనా నేను ఊహించని మాట అంటే సాయంత్రం దాన్ని కూడా అందులో చేర్చేదాన్ని. మరుసటి ఏడాది అలాంటి మాటే వస్తే కోప్పడకుండా ఏం చెప్పాలో పక్కన రాసుకునేదాన్ని. స్టాఫ్ రూంలో మిగతావాళ్ళు నన్ను డ్రామా మేడం అనేవాళ్ళు. అననీ, లోకులు పలుగాకులు.

మా కాలేజీ వినుకొండ దగ్గర ప్రభుత్వ జూనియర్ కాలేజీ. వెనక గోడ దాటితే పత్తి చేలు, రోడ్డుకి అవతల మిరప చేలు. ఇంటర్ మొదటి సంవత్సరం అర్థశాస్త్రంలో ఆదాయ చక్రీయ ప్రవాహం అనే పాఠం వచ్చేసరికి మిరప కోతలు మొదలవుతాయి. సగం బెంచీలు ఖాళీ అవుతాయి. ఉన్నవాళ్ళు కూడా గడియకోసారి రోడ్డు వైపు చూస్తుంటారు, ఎందుకంటే వాళ్ళ అమ్మలు కూర్చున్న ఆటోలు అటే పోతాయి. అలాంటి రోజుల్లో నల్లబల్ల మీద ఒక గుండ్రం గీసి నాలుగు బాణాలు వేస్తే ఎవడు వింటాడు? అందుకే ఈ పాఠాన్ని ఆటగా రాశాను.

కిటికీ వైపు కూర్చున్నవాళ్ళు కుటుంబాలు. తలుపు వైపు వాళ్ళు సంస్థలు, అంటే పత్తి జిన్నింగ్ మిల్లు, మిరపకాయల కోల్డ్ స్టోరేజీ, సబ్బుల కంపెనీ, కిరాణా కొట్టు. కుటుంబాల చేతుల్లో ఎండు మిరపకాయలు పెడతాను. ఒక్కో కాయ ఒక రోజు పని. సంస్థల చేతుల్లో చింతపిక్కలు పెడతాను, అవి డబ్బు. కుటుంబం వెళ్ళి సంస్థకి కాయ ఇస్తుంది, సంస్థ పిక్క ఇస్తుంది. అది వేతనం. పొలమిస్తే వచ్చేది భాటకం, పెట్టుబడి పెడితే వడ్డీ, వ్యాపారం నడిపితే లాభం. మళ్ళీ అదే కుటుంబం ఆ పిక్క పట్టుకుని సబ్బుల కంపెనీ దగ్గరికి పోయి సబ్బు తెచ్చుకుంటుంది. పిక్క బయల్దేరిన చోటికే చేరింది. వస్తువులూ సేవలూ ఒక వైపు తిరుగుతుంటే డబ్బు వాటికి ఎదురు వైపు తిరుగుతుంది. ఒకరి ఖర్చు ఇంకొకరి ఆదాయం. ఈ ఆటలో ఎవరూ ఏమీ దాచుకోరని, పరదేశాలతో వ్యాపారం లేదని ముందే చెబుతాను. లేకపోతే ఎవడో ఒకడు పిక్కలు జేబులో వేసుకుని బ్యాంకులో పెట్టానంటాడు. అదీ నిజమే గాని ఆ పాఠం తర్వాత.

ప్రతి ఏడాదీ ఒక కౌలు రైతు కొడుకు ఎటు నిలబడాలో తెలియక మధ్యలో ఆగిపోతాడు. ఇంట్లో తింటున్నప్పుడు నువ్వు కుటుంబం, చేలో పంట తీస్తున్నప్పుడు సంస్థ, రెండూ నువ్వేనని చెప్పి ఒక కాలు ఇటు ఒక కాలు అటు పెట్టించి నిలబెడతాను. వాడు ఆ గంటంతా అలాగే నిలబడతాడు. పిల్లలకి ఆ ఆట చాలా ఇష్టం. మిరప ఘాటుకి తుమ్ములు, కళ్ళ నీళ్ళు, గోల.

ఒక ఏడాది ఒక అమ్మాయి రెండో వరసలో కిటికీ పక్కన కూర్చునేది. పెద్ద గొంతు. చర్చిలో పాటలు పాడి పాడి ఆ గొంతు వచ్చిందని తనే చెప్పింది. వాళ్ళమ్మ మిరప కోతల ముఠాలో కూలికి వెళ్ళేది, సెలవు రోజుల్లో ఈ పిల్ల కూడా. మా అమ్మ కూడా ఒకప్పుడు ఆ పనే చేసింది కాబట్టి ఆ పిల్ల చేతుల మీది మంట గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆట ఆడించిన రోజు నా కాగితంలో ఉన్న ప్రశ్న అడిగాను. కుటుంబాలు సంస్థలకి ఏమిస్తాయి? రావాల్సిన జవాబు, ఉత్పత్తి కారకాల సేవలు. ఆ అమ్మాయి చెయ్యెత్తకుండానే చెప్పేసింది.

“మనుషుల్ని ఇస్తాయి మేడం.”

క్లాసంతా నవ్వింది. తనూ నవ్వింది. నాకు ఆ రోజు ఎందుకో కోపం రాలేదు. మనుషుల్ని కాదమ్మా, మనిషి శ్రమని ఇస్తాయి, సంస్థ కొనుక్కునేది పనిని మాత్రమే, మనిషి సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తాడు అని చెప్పాను. చాలా మంచి వివరణ అనుకున్నాను. సాయంత్రం కూర్చుని ఆ పిల్ల జవాబునీ, నా దిద్దుబాటునీ రెండింటినీ కాగితంలో చేర్చాను.

కొద్ది వారాల తర్వాత ఒక రెండో శనివారం, కాలేజీకి సెలవు కదా అని ఆ అమ్మాయి వాళ్ళమ్మతో పాటు కోతకి వెళ్ళింది. సాయంత్రం తిరిగి వస్తుంటే కాలవ కట్ట మలుపులో ఆటో బోల్తా పడింది. అమ్మకి చెయ్యి విరిగింది. అమ్మాయి పోయింది.

చర్చి ముందు జనం పట్టలేదు. నేనొక మూల నిలబడ్డాను. ఎవరో నా చేతికి కుర్చీ అందిస్తే కూర్చోవడం కూడా తెలియలేదు. నా చెవుల్లో పాస్టరు గారి ప్రార్థన లేదు. మనిషి సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తాడు అన్న నా మాటే ఉంది. అది తప్పు మాట కాదు. ఏ పుస్తకం తీసినా అలాగే ఉంటుంది. సరైన మాట అంత భయం పెట్టగలదని నాకు అంతకుముందు తెలియదు.

ఆ తర్వాత ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. ఎవరెవరో వచ్చారు, ఫొటోలు దిగారు, వెళ్ళారు. కొంతకాలానికి ఆ డబ్బుతో ఆ ఇంటికి రేకులు పోయి స్లాబు పడింది.

మరుసటి ఏడాది అదే పాఠం వచ్చింది. కాగితం తీశాను. ఆ ప్రశ్న అడిగాను. అడిగి ఆగిపోయాను. ఎవరో సరైన జవాబే చెప్పారట, నాకు వినపడలేదు. నేను కిటికీ వైపు చూస్తూ ఆ పెద్ద గొంతు కోసం ఎదురు చూస్తున్నాను. రోడ్డు మీద ఆటో హారన్ మోగేదాకా నాకు తెలివి రాలేదు. అప్పటి నుంచి ఏటా అక్కడ నా నోరు ఆగిపోతోంది. సీనియర్లు జూనియర్లకి ముందే చెప్పి పెట్టేవాళ్ళు, మేడం ఆ ప్రశ్న దగ్గర ఎవరికోసమో ఆగుతుందిరా అని. అది నా చెవిన పడింది. ఇంకే మాటైనా అనుంటే తిట్టేదాన్నేమో గాని ఆ మాటకి తిట్టడానికి నోరు రాలేదు.

హాజరు పిలిచేటప్పుడు ఇంకో చిత్రం. ఆ అమ్మాయి రోల్ నంబరు మరో పిల్లకి వస్తుంది కదా. ఆ నంబరు పిలిచాక “ప్రజెంట్ మేడం” అని సన్నటి గొంతు పలికితే ఉలిక్కిపడి తలెత్తేదాన్ని. ఆ సన్నగొంతు పిల్ల నన్ను చూసి బెదిరిపోయేది. పాపం, దానిదేం తప్పు? రెండో వరసలో కిటికీ పక్క ఎవరూ కూర్చోకపోతే బాధ, కూర్చుంటే ఇంకా బాధ. ఆ చోటులో కూర్చున్న పిల్లని నేనెప్పుడూ ప్రశ్న అడగలేదు.

కాగితంలోంచి ఆ రెండు లైన్లు కొట్టెయ్యొచ్చు. పెన్ను పట్టుకున్నాను కూడా. ఆ పిల్ల ఈ లోకంలో అన్న మాటల్లో రాతపూర్వకంగా మిగిలింది అదొక్కటే. కొట్టెయ్యలేకపోయాను. చదవనూ లేను. వేలితో మూసుకుని కింది లైనుకి పోతాను.

అది కాక ఇంకొకటి ఉంది. కుటుంబాలు, సంస్థల ఆట అయ్యాక మూడో గుంపు వస్తుంది, ప్రభుత్వం. దాన్ని నా బల్ల పక్కన నిలబెడతాను. అది ఇద్దరి దగ్గరా పన్నులు తీసుకుంటుంది. మేం పన్ను కట్టం మేడం అనే వీరుడు ఏటా ఒకడుంటాడు, వాడికి షాంపూ ప్యాకెట్ చూపించి దీని ధరలో కట్టావురా అని చెబుతాను. ఆ పన్నుల్లోంచి ప్రభుత్వం సంస్థల దగ్గర సిమెంటు, మందులు కొంటుంది. నాలాంటి వాళ్ళ చేత పని చేయించుకుని జీతం ఇస్తుంది. జీతానికి బదులు నా పని ఉంది కాబట్టి అది మామూలు ఇచ్చిపుచ్చుకోవడమే. సంస్థలకి సబ్సిడీలిస్తుంది. చివరగా ప్రభుత్వం నుంచి కుటుంబాలకి ఒక బాణం పోతుంది. బదిలీ చెల్లింపులు. పింఛన్లు, సాయాలు, పరిహారాలు. వీటికి ప్రతిఫలంగా కుటుంబాలు ఏ సేవా ఇవ్వవు. పుస్తకంలో ఉన్నది ఇంతే. పరీక్షలో రెండు మార్కులు.

ప్రతిఫలంగా ఏమీ ఇవ్వలేదా? ఆ స్లాబు గుర్తొచ్చేది. ఏమీ ఇవ్వలేదని నా నోటితో ఎలా అనను? అందుకని ఆ బాణం దగ్గరికి వచ్చేసరికి ఆట ఆపేసి, వృద్ధాప్య పింఛను అని ఒక్క ఉదాహరణ చెప్పి, నిర్వచనం గబగబా డిక్టేషన్ ఇచ్చేదాన్ని.

మూడేళ్ళకి ఆ అమ్మాయి చెల్లెలు మా కాలేజీలో చేరింది. అక్కలాంటి గొంతు కాదు. మాట్లాడితే పెదవి దాటదు. మొహం మాత్రం అదే. తొలి రోజు ఆ మొహం గుమ్మంలో కనపడేసరికి నా చేతిలో చాక్‌పీసు విరిగింది. ఆ పిల్ల వెళ్ళి రెండో వరసలో కిటికీ పక్కన కూర్చుంది. ఎవరు చెప్పారో, ఎవరూ చెప్పలేదో.

ఆ ఏడాది పాఠం మొదలుపెట్టిన రోజు ఆట ఆడించలేదు. నల్లబల్ల మీద బొమ్మ గీశాను. ఆ ప్రశ్న అడగలేదు. పన్నులు చెప్పాను, సబ్సిడీలు చెప్పాను, ఆ చివరి బాణం అసలు గీయలేదు. గంట కొట్టారు. బతుకు జీవుడా అనుకుని బయటపడ్డాను.

మధ్యాహ్నం స్టాఫ్ రూంలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడింది. రమ్మన్నాను. పుస్తకం తెరిచే వచ్చింది, వేలు ఆ పేరా మీద ఉంది.

“మేడం, ఇదొకటి వదిలేశారు.”

రేపు చెబుతానులే అన్నాను. అది కదల్లేదు. మీకు తెలియక వదల్లేదని నాకు తెలుసు మేడం అంది. ఇంగ్లీషు మేడం ప్రమాదాల మీద పాఠం వదిలేసిందట. తెలుగు సారు ఆటో అనే మాట వస్తే తన వైపు చూసి ఆగిపోతాడట. “మీరంతా వదిలేసిన కాడల్లా క్లాసంతా నా మొహమే చూస్తన్నారు మేడం,” అంది. నా జాలి ఆ పిల్లకి ఇన్నాళ్ళూ ఎలా తగులుతోందో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. వాళ్ళ ఊరి పిల్లలు క్లాసులో ఆరుగురున్నారు. కుళాయి దగ్గర బిందె కోసం మాటా మాటా పెరిగితే ఒకామె వాళ్ళమ్మతో అన్నదట, కూతుర్ని పెట్టి స్లాబు వేసుకున్నదానివి నువ్వా నాకు చెప్పేది అని. ఆ మాట ఊళ్ళో పడింది. ఊళ్ళోంచి క్లాసులో పడింది. వాళ్ళమ్మ ఆ స్లాబు కింద పడుకోవడం మానేసి వరండాలో పడుకుంటోందట. ఇల్లు అమ్మేసి చీమకుర్తి పోదాం, అక్కడ రాళ్ళ పనిలో ఎవరికి ఎవరు తెలుసు అంటోందట. నువ్వు కూడా కాలేజీ మానేసి రా అంటోందట.

ఇంత చెప్పేటప్పుడు కూడా ఏడవలేదు. పుస్తకంలోని ఆ లైను నాకు చదివి వినిపించింది. ప్రతిఫలం లేకుండా ఇచ్చే చెల్లింపు.

“ఇది నిజమేనా మేడం?”

నిజమే అన్నాను.

“అంటే ఆ డబ్బు దేనికీ ఖరీదు కాదు కదా?”

కాదు అన్నాను. ఖరీదు అంటే ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవడం. ఇందులో పుచ్చుకోవడమే ఉంది. అందుకే దాన్ని జాతీయాదాయంలో కూడా లెక్క వేయరు. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఇన్నేళ్ళూ ఆ లైను ఆ ఇంటిని అవమానిస్తోందని నేను అనుకున్నాను. ఆ పిల్ల దాన్ని తన అక్క వైపు సాక్ష్యంగా చదువుకుంది.

“అయితే క్లాసులో చెప్పండి మేడం. ఆట ఆడించి చెప్పండి. నేను కుటుంబం అవుతాను. నేను చెబితే మా ఊరోళ్ళు వినరు. మీరు చెబితే వింటారు, పరీక్షలో వస్తది కాబట్టి రాసుకుంటారు కూడా.”

ఇంటికి వెళ్ళాక అదే ఆలోచన. రేపు ఎవడైనా నవ్వితే? ఏమీ ఇవ్వలేదా, మరి మీ అక్కో అని ఏ వెధవైనా అంటే? అంటే నేను వాడి చెంప పగలగొడతాను, దాంతో పాఠం పోతుంది, ఆ పిల్ల పరువూ పోతుంది. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. బదిలీ చెల్లింపుల దగ్గర కొత్తగా నాలుగు లైన్లు రాయాలని చూశాను. ‘నేను’ అని రాశాక పెన్ను సాగలేదు. వంటింట్లో ఎవరో నవ్వినట్టనిపించి లేచి వెళ్ళి చూశాను. మూత సరిగా పెట్టని గిన్నె చప్పుడు. లైటు తీయకుండానే పడుకున్నాను.

మర్నాడు కాగితం లేకుండా క్లాసుకి వెళ్ళాను. కాగితం రాయడం మొదలుపెట్టాక అదే మొదటిసారి. మిరపకాయలూ చింతపిక్కలూ పంచాను. ఆట మొదలైంది. ఆ పిల్ల కుటుంబాల గుంపులో ముందు నిలబడింది. జిన్నింగ్ మిల్లుకి కాయ ఇచ్చి పిక్క తెచ్చుకుంది. కొట్లో పిక్క ఇచ్చి సబ్బు తెచ్చుకుంది. ప్రభుత్వానికి పన్ను కట్టింది. ప్రభుత్వంగా నిలబడ్డవాడు వాళ్ళ ఊరి కుర్రాడే. నేను ఎంచలేదు, వాడే ఎగబడి వచ్చాడు. తుమ్ములూ గోలా మామూలే.

ఇప్పుడు ప్రభుత్వం కుటుంబాలకి పరిహారం ఇస్తుంది అన్నాను. ఆ మాటే అన్నాను, పింఛను అనలేదు. గోల ఆగిపోయింది.

కుర్రాడు గుప్పెడు పిక్కలు తీసి ఆ పిల్ల చేతిలో పోశాడు. పోసి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అలాగే చాపి నిలబడ్డాడు. అప్పటిదాకా పిక్క ఇచ్చిన ప్రతివాడూ కాయ పుచ్చుకున్నాడు కదా, వాడూ కాయ కోసమే చూస్తున్నాడు. వాడి మనసులో ఏ పాపమూ లేదు. ఆ పిల్ల రెండో చేతిలో కాయ ఒకటి మిగిలి ఉంది, అందరికీ కనిపిస్తూనే ఉంది. వెనక బెంచీలోంచి ఎవరో కాయ ఇవ్వవే అన్నారు.

నేను అడ్డుపడబోయాను. ఆ పిల్ల నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది.

“నువ్వు పుచ్చుకునేదేం లేదు,” అంది వాడితో. “చెయ్యి తీసెయ్.”

“ఊరికే ఇస్తారా ఎవరన్నా?” అన్నాడు వాడు, నిజంగానే అర్థం కాక.

“మేం దీనికోసం ఏమీ ఇవ్వలేదు. మా ఇంట్లోంచి పోయింది మేం ఇచ్చింది కాదు. ఇది దానికి బదులు కాదు.”

వాడు చెయ్యి తీసేశాడు. చాలాసేపు ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో వాడికి తెలియలేదు. ఎవరూ నవ్వలేదు. వాళ్ళ ఊరి ఆడపిల్లలు ఇద్దరు తల దించుకున్నారు. నేను నల్లబల్ల వైపు తిరిగి బాణం గీశాను. గీత వంకర పోయింది. బదిలీ చెల్లింపు అంటే ప్రతిఫలంగా ఏ వస్తువూ సేవా పుచ్చుకోకుండా ప్రభుత్వం కుటుంబాలకి ఇచ్చేది, అది దేనికీ ధర కాదు అని చెప్పాను. బల్ల వైపే తిరిగి చెప్పడంతో సగం మాటలు నల్లబల్లకే వినపడ్డాయి.

ఆ పిల్ల పిక్కలు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. తన మొహం నా వైపు లేదు, క్లాసు వైపు ఉంది.

“వెనకోళ్ళకి వినపళ్ళేదు మేడం,” అంది. “రాసుకోవాలి, ఇంకోసారి చెప్పండి.”

నేను క్లాసు వైపు తిరిగి మళ్ళీ చెప్పాను. బల్లల మీద పెన్నులు కదిలాయి. ప్రభుత్వం కుర్రాడు కూడా తన బెంచీ దగ్గరికి వెళ్ళి, నిలబడే, పుస్తకం తెరిచి ఆ మాటలు రాసుకున్నాడు.